3183 హెర్ట్జ్ దగ్గర వంగే గీత

ఎఫ్.ఎం. రేడియోలో ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే సందులో చెవి పెట్టి వింటే సన్నగా బుస వినిపిస్తుంది. స్టేషన్ దూరమయ్యే కొద్దీ అది పెరుగుతుంది. రేడియో లోపల సిగ్నల్ నుంచి ధ్వనిని విడదీసే చోట పుట్టే బుస మాత్రం మనం వినేదానికన్నా ఎంతో ఎక్కువ. దాన్ని చెవిదాకా రానీయకుండా అణచే పని పాతకాలపు సెట్లలో రెండే రెండు భాగాలు చేస్తాయి. ఒకటి రెసిస్టర్, రెండోది కెపాసిటర్. ఇంజనీరింగ్ పుస్తకాలు దీన్ని ఆర్.సి. లో-పాస్ ఫిల్టర్ అంటాయి. అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి, ఎక్కువ ఫ్రీక్వెన్సీలను తగ్గించే వలయం. పాఠ్యపుస్తకం సూత్రంతో మొదలుపెడుతుంది కాబట్టి ఇది ఎందుకు పుట్టిందో చాలామందికి తెలియకుండానే పరీక్ష అయిపోతుంది. రేడియోలో చూస్తే ఆ సూత్రంలోని ప్రతి అక్షరానికీ ఒక పని కనిపిస్తుంది.

ఎఫ్.ఎం.లో బుసకు ఒక ప్రత్యేక గుణం ఉంది. అది అన్ని స్వరాల దగ్గరా సమానంగా ఉండదు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఉన్న బుస వోల్టేజీ కన్నా 10,000 హెర్ట్జ్ దగ్గర పది రెట్లు ఉంటుంది. మాటలో, సంగీతంలో సంగతి దీనికి తలకిందులు. బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది. తాళాల మిలమిల, 'స', 'ష' లాంటి అక్షరాల పదును ఉండే పై స్వరాలు బలహీనంగా ఉంటాయి. బలహీనమైన చోటే బుస ఎక్కువ అన్నమాట.

దీనికి కనిపెట్టిన ఉపాయం ఇది. ప్రసార కేంద్రంలోనే పై స్వరాలను ముందుగా ఒక లెక్క ప్రకారం పెంచి పంపుతారు. రేడియోలో అదే లెక్క ప్రకారం తిరిగి తగ్గిస్తారు. పాట యథాతథంగా మిగులుతుంది. దారిలో కలిసిన బుసను మాత్రం ఎవరూ పెంచలేదు కాబట్టి అది తగ్గడమే జరుగుతుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నది రెండు వైపులా ఒకటే ఉండాలి. అందుకే ఒక ప్రమాణం పెట్టుకున్నారు. మన దేశంలో, ఐరోపాలో అది 50 మైక్రోసెకన్లు. అమెరికాలో 75. ఈ మైక్రోసెకన్లు రెసిస్టర్ విలువను కెపాసిటర్ విలువతో గుణిస్తే వచ్చేవే.

రెసిస్టర్ 5 కిలో ఓములు, కెపాసిటర్ 10 నానోఫారడ్లు తీసుకుందాం. గుణిస్తే సరిగ్గా 50 మైక్రోసెకన్లు. సిగ్నల్ రెసిస్టర్ గుండా వస్తుంది. రెసిస్టర్ అవతలి కొన నుంచి గ్రౌండుకు కెపాసిటర్ కలిపి ఉంటుంది. ఆ కెపాసిటర్ మీద ఉన్న వోల్టేజీనే తర్వాతి దశ అందుకుంటుంది. రెసిస్టర్ ఏ ఫ్రీక్వెన్సీకైనా ఒకే అడ్డు చూపిస్తుంది. కెపాసిటర్ అలా కాదు. దాని అడ్డు 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 159 కిలో ఓములు. 15,000 హెర్ట్జ్‌కు వచ్చేసరికి అది ఒక కిలో ఓముకు కాస్త పైన మాత్రమే. కింది స్వరాలకు కెపాసిటర్ ఉన్నా లేనట్టే, పై స్వరాలకు అది గ్రౌండులోకి తెరిచిన దారి.

మధ్యలో ఒకచోట రెండు అడ్డులూ సమానమవుతాయి. ఇక్కడ కెపాసిటర్ అడ్డు కూడా 5 కిలో ఓములయ్యేది 3183 హెర్ట్జ్ దగ్గర. అదే కార్నర్ ఫ్రీక్వెన్సీ. ఒకటిని 2πRC తో భాగిస్తే వస్తుంది.

ఇక్కడే కాసేపు ఆగాలి. రెండు అడ్డులు సమానమైతే వోల్టేజీ సగం సగం పంచుకోవాలి కదా, బయటికి 0.5 రావాలి కదా అనిపిస్తుంది. కొలిస్తే 0.707 వస్తుంది. చాలామంది ఈ 0.707ను కంఠస్థం చేస్తారు గాని అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడరు. రెసిస్టర్ మీది వోల్టేజీ, కెపాసిటర్ మీది వోల్టేజీ ఒకేసారి శిఖరానికి చేరవు. ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గర ఉంటుంది. రెంటికీ మధ్య పావు ఆవృత్తి తేడా. తూర్పుకు ఒక అడుగు, అక్కడి నుంచి ఉత్తరానికి ఒక అడుగు వేస్తే బయల్దేరిన చోటికి దూరం రెండు అడుగులు కాదు, 1.414 అడుగులే. ఈ వోల్టేజీలు కూడా అలాగే లంబకోణంలో కలుస్తాయి. మొత్తం 1.414 అయినప్పుడు అందులో కెపాసిటర్ వాటా 1. ఒకటిని 1.414 తో భాగిస్తే 0.707.

ఈ లంబకోణాన్ని ఒక్క అక్షరంలో పట్టుకోవడానికే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్. లోపలికిచ్చిన వోల్టేజీలో బయటికి ఎంత వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో ఏ ఫ్రీక్వెన్సీకైనా చెప్పే నిష్పత్తి అది.

```
H(s) = 1 / (1 + sRC)
```

ఒకే స్వరానికి లెక్క కావాలంటే s బదులు j2πf రాయాలి. ఆ j యే లంబకోణానికి గుర్తు. పరిమాణం మాత్రమే కావాలంటే పైథాగరస్ సూత్రం ప్రకారం ఇలా మారుతుంది.

```
|H| = 1 / √(1 + (f/fc)²)
```

ఇందులో fc అంటే మన 3183. చూడండి, ఇందులో R, C విడివిడిగా లేవు. f కార్నర్‌కు ఎన్ని రెట్లు అన్నదొక్కటే లెక్క. 1000 హెర్ట్జ్ దగ్గర 0.954 వస్తుంది, అంటే దాదాపు అంతా బయటికి వచ్చినట్టే. 10,000 దగ్గర 0.303. 15,000 దగ్గర 0.208, అంటే ఐదో వంతుకు కాస్త పైన.

ఇక బొమ్మ గీయడం. మామూలు గ్రాఫు కాగితం మీద గీస్తే ఇది ఎటూ తేలని వంకర గీతలా ఉంటుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన హెండ్రిక్ బోడీ 1930లలో చూపిన పద్ధతిలో గీస్తే రెండు సరళరేఖలుగా తేలిపోతుంది. అడ్డంగా ఫ్రీక్వెన్సీని పదేసి రెట్లుగా గుర్తించాలి: 100, 1000, 10,000, 1,00,000. వీటి మధ్య దూరాలన్నీ సమానం. నిలువుగా పరిమాణాన్ని డెసిబెల్స్‌లో గుర్తించాలి. వోల్టేజీ పదో వంతుకు తగ్గితే మైనస్ 20 డెసిబెల్స్.

కార్నర్ కన్నా బాగా కింద f/fc చాలా చిన్నది, వర్గం చేస్తే ఇంకా చిన్నది. దాన్ని వదిలేస్తే పరిమాణం 1, అంటే సున్నా డెసిబెల్స్. ఎడమ అంచు నుంచి 3183 దాకా సున్నా మీద బల్లపరుపు గీత గీయండి. కార్నర్ కన్నా బాగా పైన సూత్రంలోని 1 ని వదిలేయొచ్చు. అప్పుడు పరిమాణం fc/f. ఫ్రీక్వెన్సీ పది రెట్లయితే వోల్టేజీ పదో వంతు. కాబట్టి 3183 దగ్గర సున్నా నుంచి బయల్దేరి 31,830 దగ్గర మైనస్ 20కి చేరే వాలు గీత గీయండి. అసలు వక్రరేఖ ఈ రెండు గీతలకూ కొంచెం కిందుగా నడుస్తుంది. మూల దగ్గర 3 డెసిబెల్స్ కింద. కార్నర్‌కు సగం దగ్గర, రెట్టింపు దగ్గర ఒక్కో డెసిబెల్ కింద. ఈ మూడు చుక్కలు పెట్టి చేత్తో కలిపితే చాలు. కార్నర్ దగ్గర గీత ఠక్కున విరుగుతుందని, దాని పైన ఉన్నవన్నీ ఆగిపోతాయని అనుకోవడం పెద్ద పొరపాటు. ఒక్క ఆర్.సి. జత దేన్నీ ఆపదు, నెమ్మదిగా తగ్గిస్తుంది.

రేడియోకు కావలసింది కూడా ఆ నెమ్మదే. ప్రసార కేంద్రం పెంచే గీత సరిగ్గా దీనికి ప్రతిబింబం: 3183 దాకా బల్లపరుపు, అక్కడి నుంచి పదిరెట్లకు 20 డెసిబెల్స్ చొప్పున ఎక్కుడు. 15,000 దగ్గర వాళ్లు 4.8 రెట్లు పెంచితే మనం 4.8 వంతుకు తగ్గిస్తాం. రెండు బొమ్మలూ కలిపితే సున్నా మీద ఒకే తిన్నని గీత. బుస గీతను కూడా ఇదే కాగితం మీద గీయండి. అది మొదటి నుంచీ పదిరెట్లకు 20 డెసిబెల్స్ చొప్పున ఎక్కుతోంది. ఫిల్టర్ గీత కార్నర్ దాటాక అదే వాలుతో దిగుతోంది. కలిపితే కార్నర్ తర్వాత బుస పెరగడం మానేసి బల్లపరుపుగా నిలిచిపోతుంది. రెండు గీతలు కూడితే చాలు, ఈ సంగతంతా కాగితం మీద కనిపిస్తుంది. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

లెక్క ఇంత సులువైనా పని చెడే చోటు ఒకటుంది. ఫిల్టర్ తర్వాత వచ్చే దశ ఎంత కరెంటు లాగుతుందో సూత్రం అడగదు. మన 5 కిలో ఓముల రెసిస్టర్ తర్వాత వాల్యూమ్ కంట్రోల్ కూడా 5 కిలో ఓములదే పెట్టారనుకోండి. కింది స్వరాలు సగానికి పడిపోతాయి. కార్నర్ రెట్టింపై 6366కు జరుగుతుంది. బొమ్మ మీద చూస్తే బల్లపరుపు గీత 6 డెసిబెల్స్ కిందికి దిగింది గాని వాలు గీత ఉన్నచోటే ఉంది. 15,000 దగ్గర ముందు 0.208 వచ్చేది, ఇప్పుడు 0.195. దాదాపు మార్పు లేదు. ఫలితంగా ధ్వని చిన్నదవుతుంది. చిన్నదైందని వాల్యూమ్ పెంచితే తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి, బుస ముందుకొస్తుంది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే కెపాసిటర్ చెడిందనుకునే ముందు తర్వాతి దశ భారాన్ని చూడాలి. ఆ దశ అడ్డు రెసిస్టర్‌కు కనీసం పది రెట్లుంటే ఇబ్బంది చాలావరకు పోతుంది.

కార్నర్‌ను సరిచూడాలంటే సిగ్నల్ జెనరేటర్ నుంచి 1 వోల్టు సైన్ తరంగం ఇచ్చి, బయటి వోల్టేజీ 0.707 అయ్యేదాకా ఫ్రీక్వెన్సీని పెంచాలి. దీనికి చవక మల్టీమీటర్ పనికిరాదు. దాని ఏ.సి. కొలత సాధారణంగా కొన్ని వందల హెర్ట్జ్ దాకానే నమ్మదగ్గది, ఆపైన మీటరే తక్కువ చూపిస్తుంది, మనం ఫిల్టర్ తగ్గించిందనుకుంటాం. ఆసిలోస్కోప్ వాడాలి. అందులో మరో ఆనవాలు దొరుకుతుంది: కార్నర్ దగ్గర బయటి తరంగం లోపలి తరంగం కన్నా ఆవృత్తిలో ఎనిమిదో వంతు, సుమారు 39 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. అంగట్లో 5 కిలో ఓముల రెసిస్టర్ మామూలుగా దొరకదు, 5.1 తీసుకుంటే కార్నర్ 3121 దగ్గర వస్తుంది. ఆ తేడా చెవికి అందదు.

చెవికి అందే తేడా అమెరికా నుంచి తెచ్చుకున్న సెట్టులో ఉంటుంది. దాని ప్రమాణం 75 మైక్రోసెకన్లు కాబట్టి కార్నర్ 2122 హెర్ట్జ్. ఇక్కడి స్టేషను 50 లెక్కన పెంచి పంపితే ఆ సెట్టు 75 లెక్కన తగ్గిస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర తేడా అర డెసిబెల్ కూడా ఉండదు. 10,000 దగ్గర రావలసిన దానిలో 68 శాతమే వస్తుంది. పాట మూసుకుపోయినట్టుగా ఉంటుంది. ఇక్కడి సెట్టు అక్కడికి తీసుకెళ్తే దీనికి వ్యతిరేకంగా పదునూ బుసా ఎక్కువవుతాయి. విడి భాగాల సెట్టయితే రెసిస్టర్ మార్చి సరిచేయొచ్చు. చిప్పుతో చేసిన సెట్టుల్లో చాలావాటికి ఒక బిట్ మార్చితే సరిపోతుంది. ఉదాహరణకు TEA5767 అనే ఎఫ్.ఎం. చిప్పులో ఆ బిట్ పేరు DTC. అది 1 అయితే 75 మైక్రోసెకన్లు, 0 అయితే 50.