మూసిన కళ్లు తెరుచుకున్న ఫొటోలు

గ్రూప్ ఫొటోలో ఒకరి కళ్లు మూతపడితే, అదే వరసలో తీసిన మరో ఫొటో నుంచి ఆ మనిషి తెరిచిన కళ్లను తెచ్చి అతికించడం స్టూడియోల్లో మామూలే. రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. అందుకే వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీసి ఉంచితే ఒకదానిలోనైనా కళ్లు తెరిచి ఉంటాయి.

పెళ్లి మండపంలో తీసిన ఫొటోనే చూద్దాం. అసలు వెలుగుకు ముందు ఫ్లాష్ ఓసారి సన్నగా మెరుస్తుంది. దానికే రెప్ప వాల్చేసే వాళ్లు కొందరుంటారు, వధువు పక్కన నిలబడ్డ పిన్నిగారు అలాంటి మనిషి. ఆమె తల అదే వంపులో ఉన్న మరో ఫొటో వెతకాలి. అందులోంచి కళ్లను మాత్రమే కత్తిరిస్తే పని చెడుతుంది. కన్ను మూసినప్పుడు పైరెప్ప చర్మం సాగి నున్నగా పరుచుకుంటుంది, తెరిచినప్పుడు కనుబొమ కింద మడత పడుతుంది. కాబట్టి కనుబొమల కింది నుంచి బుగ్గ పైభాగం దాకా, రెండు కళ్లనూ మధ్యలోని ముక్కుదూలంతో కలిపి ఒకే ముక్కగా తీయాలి. విడివిడిగా తెస్తే కళ్ల మధ్య దూరం మారిపోతుంది. ఆ ముక్కను సగం పారదర్శకంగా చేసి, లోపలి కనుకొలకులు కలిసేలా జరిపి, అంచులను మెత్తని బ్రష్‌తో కలిపేస్తారు. చివర్లో రంగు, వెలుగు సరిచూస్తారు.

2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8 ఫోన్‌లోని ‘బెస్ట్ టేక్’ కూడా వరసగా తీసిన ఫొటోల్లోంచి ముఖాలు మారుస్తుంది. వేరే ఫొటో లేనప్పుడు ఏఐ కంటిని ఊహించి గీస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ, అది పిన్నిగారి కన్ను కాదు. ఇంట్లోవాళ్లు ముందు పట్టేది ఈ తేడానే. ఆమె పాత ఫొటోలు చూపించి గీయిస్తే పోలిక కొంత మెరుగుపడుతుంది.

అతుకును పట్టాలంటే మొదట కంట్లోని మెరుపు చుక్క చూడాలి. ఒకే లైటు కింద నిలబడ్డ వాళ్లందరి కళ్లలో అది దాదాపు ఒకే చోట ఉంటుంది. పిన్నిగారి కంట్లో మాత్రం ఎడమకు జరిగి ఉంటే అనుమానించాల్సిందే. తర్వాత బుగ్గలు చూడాలి. విరగబడి నవ్వే మనిషి బుగ్గలు పైకి లేచి కింది రెప్పను నెడతాయి, అలాంటి ముఖంలో విప్పారిన కళ్లు అతకవు. కళ్లజోడు ఉంటే ఫ్రేమ్ గీత రెప్ప దగ్గర తెగిందేమో, అద్దంలోని ప్రతిబింబం మధ్యలో ఆగిందేమో గమనించాలి. ఫొటో అంతా నలుసు నలుసుగా ఉండి కళ్ల చుట్టూ మాత్రం నున్నగా ఉన్నా గుర్తే. వెంట్రుకలు ఒకదానిలో ఒకటి కరిగిపోవడం, కనుపాప గుండ్రంగా లేకపోవడం ఏఐ పనిలో ఎక్కువగా కనిపిస్తాయి.

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. శుక్లాల ఆపరేషన్ తర్వాత కొందరి కనుపాప గుండ్రంగా ఉండకపోవచ్చు, పక్కనున్న కిటికీ వెలుగు ఒక్కరి కంట్లోనే పడవచ్చు. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. కెమెరాలోంచి దించిన అసలు ఫైలు, దానికి ముందూ వెనకా తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితేనే తేలుతుంది.