ఓకే కొట్టే ముందు స్టెప్నీ చూశారా?

విశాఖ రైల్వేస్టేషన్ బయట నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలున్న సెల్ఫ్‌డ్రైవ్ కారు వచ్చి ఆగుతుంది. తెచ్చిన కుర్రాడు తాళం చేతికిచ్చి, "ఫొటోలు పెట్టేసి యాప్‌లో ఓకే కొట్టేయండి సార్" అంటాడు. ఎండెక్కకముందే అరకు చేరాలన్న తొందరలో బంపరు మీది గీతలకూ, డోరు సొట్టలకూ ఫొటోలు తీస్తాం. టైర్ల వైపు వంగి చూసేవాళ్లు తక్కువ.

నన్నడిగితే గీతల కంటే టైర్లకే ఎక్కువ ఫొటోలు తీయాలి. మన దేశంలో మామూలు మోటారు బీమా, టైరు ఒక్కటే పాడైతే ఏమీ ఇవ్వదు. అదే దెబ్బకు బండి కూడా పాడైతేనే ఇస్తుంది, అదీ టైరు ఖరీదులో సగం వరకే. అందుకే చాలా అద్దె ఒప్పందాల్లో పంక్చరు, టైరు చినుగుల ఖర్చు బండి తీసుకున్నవారిదే అని ఉంటుంది. ముందు తిరిగినవారు గుంతలో కొట్టిన దెబ్బ మీరు ఓకే కొట్టగానే మీ ఖాతాలో పడుతుంది.

ముందు చక్రాలతో మొదలుపెట్టండి. స్టీరింగును ఒక పక్కకి పూర్తిగా తిప్పితే టైరు లోపలి అంచు బయటికి కనిపిస్తుంది. అలైన్‌మెంట్ తప్పిన బండిలో ఆ అంచే ముందు అరుగుతుంది, బయటి నుంచి చూస్తే టైరు బాగానే ఉన్నట్టుంటుంది. గాళ్ల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్లుంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, చట్టం ఒప్పుకునే కనీస లోతూ అంతే. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. వానాకాలంలో అనంతగిరి ఘాట్‌కి వెళ్తుంటే నేనైతే అంతదాకా వచ్చిన టైరును అసలు తీసుకోను, కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలంటాను.

తర్వాత పక్క గోడను అరచేత్తో తడమండి. ఎక్కడైనా నిమ్మకాయంత ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి ప్యాచ్ లేదు, రిపేరు లేదు. ఘాట్ దిగేటప్పుడు వేడికీ బరువుకీ అది పగలొచ్చు. ఇలాంటిది ఒక్కటి కనిపించినా వేరే బండి అడగాలి.

గాలి కొలవడానికి చిన్న గేజి ఒకటి మీ వెంట ఉండాలి. ట్యూబ్‌లెస్ టైరులో గాలి బాగా తగ్గినా చూపుకి తెలియదు. ఎంత ఉండాలో డ్రైవరు డోరు తెరిస్తే పక్కనున్న స్టిక్కరు చెబుతుంది. ఒక హ్యాచ్‌బ్యాక్‌కి 33 అని ఉందనుకుందాం. అది చల్లారిన టైరు లెక్క. కుర్రాడు ఊరంతా తిప్పి తెచ్చాడు కాబట్టి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే చూపించాలి. మూడు చక్రాలు 36 చూపించి, వెనక ఎడమది 29 చూపిస్తే అది గాలి కొట్టించి మరచిపోయే విషయం కాదు. అందులో మేకో, వాల్వు లీకో ఉండి ఉంటుంది. బయల్దేరకముందే పంక్చరు షాపులో వాళ్ల ఖర్చుతో చూపించమనండి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక షాపు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక స్టెప్నీ. సామాన్లు డిక్కీలో పెట్టకముందే చూడాలి. కొన్ని కార్లలో అది డిక్కీ అడుగున, కొన్నింటిలో బండి కింద వేలాడుతూ ఉంటుంది. ఎవరూ వాడకపోయినా గాలి మెల్లగా దిగిపోతూనే ఉంటుంది, కాబట్టి దానికీ గేజి పెట్టాలి. 12 చూపిస్తే బంకులో గాలి కొట్టించి, టిఫిన్ తిన్నాక మళ్లీ కొలవండి. నిలవకపోతే ఆ స్టెప్నీ ఉన్నా లేనట్టే. దాని వయసూ చూడండి. పక్క గోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే వరుస చివరి నాలుగు అంకెల్లో 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఇది టైరుకు ఒక పక్కనే ఉంటుంది. అరగకుండానే రబ్బరు ఎండి పగుళ్లిచ్చేది ఎక్కువగా స్టెప్నీయే.

స్టెప్నీ సైజు చిన్నదైతే దాని మీద గంటకు 80 కిలోమీటర్లకు మించొద్దని రాసి ఉంటుంది. అంటే అది పంక్చరు షాపు దాకా తీసుకెళ్లడానికే, మిగతా యాత్రకు కాదు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో తీసి చూడండి. అల్లాయ్ చక్రాలకు లాక్ నట్ ఉంటే దాని కీ కూడా కావాలి.

కొన్ని కొత్త బండ్లలో స్టెప్నీయే ఉండదు. గాలి హెచ్చరిక వ్యవస్థ, రిపేరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకు 2020 నుంచి నిబంధనలు ఆ వెసులుబాటు ఇచ్చాయి. ఆ కిట్టు మేకు చేసిన చిన్న రంధ్రాన్ని మూస్తుంది గానీ, రాయి కోసిన పక్క గోడను మూయలేదు. నగరంలో తిరగడానికి అది చాలు. పిల్లల్ని, పెద్దవాళ్లని ఎక్కించుకుని ఘాట్ ఎక్కాలంటే, బుక్ చేసేటప్పుడే స్టెప్నీ ఉన్న బండి కావాలని అడగండి.