ప్లస్ వన్ అంటే అమెరికా ఒక్కటే కాదు

+1 876 555 0123. ఇలాంటి నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే, పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో చటుక్కున వచ్చే మాట ‘అమెరికా నుంచి ఎవరో చేశారు’ అని. కానీ ఇది జమైకా నంబరు. (555 తర్వాత 01తో మొదలయ్యే నంబర్లను కథలకూ సినిమాలకూ వదిలేశారు. అందుకే ఇక్కడ ధైర్యంగా అచ్చువేశాం.) అమెరికా, కెనడా, కరీబియన్ సముద్రంలోని జమైకా, బార్బడోస్, గ్రెనడా, ట్రినిడాడ్ వంటి దేశాలు, పసిఫిక్‌లోని గువామ్ దీవి... ఇలా 20కి పైగా దేశాలు, ప్రాంతాలు ప్లస్ వన్‌నే వాడుతున్నాయి. వేరే దేశాలకు వేరే కోడ్‌లుంటే, వీళ్లందరికీ కలిపి ఒక్కటే ఎందుకు?

దేశాలకు కోడ్‌లు పుట్టకముందే వీళ్ల నంబర్ల లెక్క తయారైపోవడమే దానికి కారణం. ప్రపంచాన్ని మండలాలుగా విడదీసి కోడ్‌లు పంచే పని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఆధ్వర్యంలో 1960లలో జరిగింది. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ అంతకుముందే, 1947లోనే, అమెరికా, కెనడాలను కలిపి 86 ప్రాంతాలుగా విభజించి ఒక్కోదానికి మూడంకెల ఏరియా కోడ్ ఇచ్చింది. అందులో తొమ్మిది కెనడావి. టెలిఫోన్ తీగలకు ఆ సరిహద్దు అడ్డు కాలేదు. రెండు దేశాల నెట్‌వర్కు ఒక్కటిగానే పనిచేసేది. దాన్ని విడగొట్టి కోట్ల నంబర్లు మార్చే బదులు, మొత్తానికి కలిపి 1 అనే ఒక్క అంకె ఇచ్చి, లోపలి పంపకాన్ని వాళ్లకే వదిలేశారు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఒకరికిచ్చిన కోడ్‌తో మొదలయ్యే ఇంకో దేశం కోడ్ ఉండకూడదు. మనకు 91 ఇచ్చారు కాబట్టి 911, 912 అనే దేశ కోడ్‌లు ఉండవు. ఉంటే ఎక్కడ ఆగాలో ఎక్స్ఛేంజికి తెలియదు. 1 ఒకసారి ఉత్తర అమెరికాకు వెళ్లాక, ఒకటితో మొదలయ్యే కోడ్ మరే దేశానికీ దొరకదు. ఆ గొడుగు కింద ఉన్న దేశాలను విడదీయాలంటే దాని తర్వాతి మూడంకెలే దిక్కు.

ఆ మూడంకెలను పంచిన తీరు తమాషాగా ఉంటుంది. అప్పటి ఫోన్లకు తిప్పే డయల్ ఉండేది. 2 తిప్పితే రెండు పల్స్‌లు, 9 తిప్పితే తొమ్మిది, సున్నా తిప్పితే పది వెళ్లేవి. అందుకని కాల్స్ ఎక్కువ వచ్చే నగరాలకు చిన్న అంకెలు ఇచ్చారు. న్యూయార్క్ 212కు అయిదు పల్స్‌లే. 1958లో బెర్ముడాకూ కరీబియన్ దీవులకూ కలిపి ఒకే కోడ్ ఇచ్చారు, 809. దానికి 27 పల్స్‌లు! ఆ దీవుల్లో చాలావరకు అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉండేవి. తర్వాత ఒక్కొక్కటీ స్వతంత్ర దేశమైనా ఫోన్ కోడ్ మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది.

వేరు కాపురం 1995 తర్వాత మొదలైంది. అప్పటిదాకా ఏరియా కోడ్ మధ్య అంకె 0 గానీ 1 గానీ అయి తీరాలి. స్థానిక నంబరు కాదు, ఏరియా కోడ్ అని పాతకాలపు యంత్రాలు గుర్తుపట్టేది దాన్నిబట్టే. ఎక్స్ఛేంజీలు కంప్యూటర్లతో నడిచే కాలం వచ్చాక ఆ షరతు ఎత్తేశారు. కొత్త కోడ్‌లు వందల్లో దొరికాయి. బెర్ముడాకు 441, బహమాస్‌కు 242, జమైకాకు 876 వచ్చాయి. కొన్ని దేశాల కోడ్‌లు ఫోన్ బటన్ల మీది అక్షరాలతో వాటి పేరే పలుకుతాయి. 4 మీద జీ, 7 మీద ఆర్, 3 మీద ఈ ఉంటాయి కాబట్టి 473 గ్రెనడా. అదే లెక్కన 268 ఆంటిగ్వా. పాత 809 డొమినికన్ రిపబ్లిక్‌కు మిగిలింది. అది చాలక తర్వాత 829, 849 కూడా చేరాయి.

ఇప్పుడు హైదరాబాదులో ఒకరు పై నంబరుకు డయల్ చేశారనుకుందాం. ప్లస్ గుర్తు చూడగానే ఇది విదేశీ కాల్ అని నెట్‌వర్కుకు అర్థమవుతుంది. కంపెనీ పట్టికలో 1 అని ఒక వరస, 1876 అని ఇంకో వరస ఉంటాయి. నంబరు రెండింటికీ సరిపోతుంది. ఎక్కువ అంకెలు కలిసిన వరసనే తీసుకోవాలన్నది నియమం. అందుకే కాల్ జమైకా దారి పడుతుంది, బిల్లు కూడా జమైకా రేటు ప్రకారమే పడుతుంది. అదే 1 212 అయితే ప్రత్యేక వరస లేకపోయినా 1 వరసలోనే అమెరికాకు వెళ్లిపోతుంది.

అయితే ఆ మూడంకెల్ని చూసి దేశాన్ని ఊహించే సూత్రమేదీ లేదు. 415 శాన్‌ఫ్రాన్సిస్కో, 416 కెనడాలోని టొరంటో, 417 మళ్లీ అమెరికాలోని మిస్సోరీ. పట్టిక చూడాల్సిందే. ప్లస్ 7 దగ్గర ఇంత తిప్పలు లేవు. సోవియట్ యూనియన్ విడిపోయాక మిగతా రిపబ్లిక్‌లు సొంత కోడ్‌లు తీసుకున్నా, కజకిస్థాన్ మాత్రం రష్యాతోనే 7లో ఉండిపోయింది. 7 తర్వాత 6 గానీ 7 గానీ వస్తే కజకిస్థాన్. బ్రిటన్ ప్లస్ 44లో ఇంకాస్త లోపలికి వెళ్లాలి. ల్యాండ్‌లైన్లలో 1534 జెర్సీ దీవి, 1481 గెర్న్సీ. వాటికన్‌కు సొంతంగా 379 కేటాయించినా, ఇప్పటికీ ఇటలీ ప్లస్ 39లో రోమ్ నంబర్ల మధ్యే నడుస్తోంది.

ఈ అంకెలు చెప్పేది నంబరు ఏ దేశంలో జారీ అయిందన్నదే. ఫోన్ చేసిన మనిషి ఎక్కడున్నాడో అవి చెప్పవు. టొరంటో సిమ్ రోమింగ్‌లో విజయవాడలో మోగవచ్చు. ఇంటర్నెట్ ఫోన్ సర్వీసులు ఏ ఊరి నంబరైనా అమ్ముతాయి. మోసగాళ్లు తెరమీద పడే నంబరునే మార్చేయగలరు కూడా.

ఒక్కసారి మోగించి పెట్టేసే మోసం ఈ గందరగోళం మీదే బతుకుతోంది. కరీబియన్ కోడ్ చూసి అమెరికాలోని వాళ్లు తమ దేశపు నంబరే అనుకుంటారు. మామూలుగా 1 నొక్కి పది అంకెలు తిప్పితే చాలు, కాల్ సరిహద్దు దాటిపోతుంది. అవతల ఎంతసేపు నిలబెడితే అంత బిల్లు, అందులో మోసగాడికి వాటా. 809, 284, 473 కోడ్‌ల పేరు చెప్పి మరీ అమెరికా సమాచార కమిషన్ జనాన్ని హెచ్చరించింది.

మన దగ్గర కూడా చవక ఐఎస్‌డీ ప్యాకులు అమెరికా, కెనడాలకే వర్తిస్తాయి తప్ప ప్లస్ వన్ మొత్తానికీ కాదు. మీ పిల్లలు కరీబియన్ దీవుల్లో వైద్యవిద్య చదువుతుంటే ఆ దేశం రేటు విడిగా అడిగి తెలుసుకోండి. అక్కడ మీకెవరూ లేరా? అయితే తెలియని ప్లస్ వన్ మిస్డ్ కాల్‌కు తిరిగి చేసేముందు, ఆ తర్వాతి మూడంకెలు ఏ దేశానివో ఒకసారి చూసుకోండి.