కాలు లాక్కుంటే సరిపోదు

ఒక సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి హనుమకొండలోని మా క్లినిక్‌కి ఒకావిడ తువ్వాలులో చుట్టిన డాష్‌హండ్‌ను ఎత్తుకొచ్చారు. పేరు బంటి. ఐదేళ్ల మగకుక్క, తొమ్మిది కిలోల బరువు. “రాత్రి ఊగుకుంటనైనా నడిచిండు సార్. పొద్దుగాల లేచి చూస్తే వెనక కాళ్లు ఈడుస్తుండు,” అన్నారామె. గొంతు వణుకుతోంది.

అడిగితే ముందు సంగతులు ఒక్కొక్కటే చెప్పారు. శనివారం సాయంత్రం సోఫా ఎక్కమంటే ఎక్కలేదట. ఎత్తుకోబోతే కేరుమన్నాడట. వీపు గూనిలా పెట్టి ఒక మూల నిలబడి వణుకుతుంటే కడుపునొప్పి అనుకున్నారు. నడుము నొప్పి వచ్చిన కుక్క పొట్ట బిగబడుతుంది, ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. అందుకే చాలా ఇళ్లలో ఈ పొరపాటు జరుగుతుంది. ఆదివారం రాత్రికి నడకలో తూలు వచ్చింది. వెనక పాదం మడతపడి, వేళ్ల పైభాగం నేలకు రాసుకుంటోంది. అంటే ముప్పై ఆరు గంటల్లో ఒట్టి నొప్పి కాస్తా తూలుగా, తూలు కాస్తా పక్షవాతంగా మారింది. నన్ను భయపెట్టింది జబ్బుకంటే ఆ వేగం.

డాష్‌హండ్ పొడుగు నడుము వల్లే డిస్క్ జారుతుందని అందరూ అంటారు. అసలు కారణం ఆ పొట్టి కాళ్ల వెనకున్న జన్యువులో ఉంది. జర్మనీలో బొరియల్లోకి దూరి బ్యాడ్జర్‌ను తరమడానికి పెంచిన జాతి ఇది. పొట్టి కాళ్ల కోసం తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. ఎముకల ఎదుగుదలను నడిపే ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు ఈ కుక్కల్లో అదనపు నకళ్లు ఉంటాయి. వాటిలో 12వ క్రోమోజోము మీదున్న నకలుకు డిస్క్ జబ్బుతో సంబంధం ఉందని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చూపించారు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ లోపల జిగురైన గుజ్జు ఉండాలి. ఈ కుక్కల్లో ఏడాది వయసు వచ్చేసరికే ఆ గుజ్జు ఎండి, సున్నం పేరుకోవడం మొదలవుతుంది. ఒకరోజు చుట్టూ ఉన్న నారపొర చిట్లి, ఆ సున్నపు ముద్ద పైకి చిమ్ముతుంది. పైన ఉన్నది వెన్నుపాము. చిమ్మిన దెబ్బ ఒకటి, ముద్ద అక్కడే కూర్చుని నొక్కడం ఇంకొకటి. నొక్కుడును సర్జన్ తీసేయగలడు, దెబ్బను తీయలేడు. ఈ తేడా చివరిదాకా మన వెంటే వస్తుంది.

మూడు నుంచి ఏడేళ్ల మధ్య వయసు కుక్కల్లో ఇది ఎక్కువ. చిట్లేది చాలాసార్లు చివరి పక్కటెముకల దగ్గర, ఛాతీ ముగిసి నడుము మొదలయ్యే చోట. అందుకే ముందుకాళ్లు బాగానే ఉండి వెనక కాళ్లే పడిపోతాయి.

మేం దీన్ని ఐదు మెట్లుగా చూస్తాం. మొదటిది ఒట్టి నొప్పి. రెండోది తూలుతూ అయినా తానే నడవడం. మూడోది నడవలేకపోయినా కాళ్లను ఇష్టంతో కొద్దిగా కదపగలగడం. నాలుగోది కదలిక పూర్తిగా పోయినా లోతైన నొప్పి తెలియడం. ఐదోది ఆ నొప్పి కూడా తెలియకపోవడం. ఈ వరుసకు వెన్నుపాము కట్టుబడిలోనే కారణం ఉంది. పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే నరపు తీగలు లావుగా ఉంటాయి, నొక్కుడుకు మొదట అవే దెబ్బతింటాయి. అందుకే తూలు ముందు వస్తుంది. తర్వాత కదలిక పోతుంది, దాంతోపాటే మూత్రం మీద పట్టు పోతుంది. లోతైన నొప్పిని మోసేవి సన్నని తీగలు. అవి లోపలగా, చెదురుమదురుగా ఉండి అన్నింటికన్నా చివరిదాకా తట్టుకుంటాయి. అవి కూడా మూగబోయాయంటే వెన్నుపాము అడ్డంగా మొత్తం దెబ్బతిన్నదని అర్థం. కోలుకునేటప్పుడు వరుస తిరగబడుతుంది, ముందు నొప్పి తిరిగొస్తుంది.

బంటి మూడో మెట్టు దాటిపోయాడు. నడుము పట్టి నిలబెట్టి, తోక ఊపుతాడేమోనని ఆవిడను పేరు పెట్టి పిలవమన్నాను. తోకలో చలనం లేదు. పొట్ట కింద మూత్రసంచి ఉబ్బి, గట్టి బంతిలా చేతికి తగిలింది. ఇక తేల్చుకోవాల్సింది నాలుగా, ఐదా అన్నదే.

దానికి చేసే పరీక్ష చూడటానికి మోటుగా ఉంటుంది. ముందు వేళ్ల మధ్య చర్మాన్ని నొక్కాను. కాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ ముఖం వెలిగింది. “చూసిండ్రా సార్, గుంజుకుండు! తెలుస్తుంది వాడికి!”

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇరవై ఏళ్ల కిందటి కుక్క ఒకటి గుర్తొస్తుంది. అప్పుడు ఉద్యోగంలో కొత్త. దాని కాలు నొక్కితే ఇలాగే లాక్కుంది. నొప్పి తెలుస్తోందని రాసుకున్నాను, విశ్రాంతి చాలని పంపించాను. మూడు రోజుల తర్వాత మా సీనియర్ డాక్టరు చూసి, కాలు వైపు కాదు, ముఖం వైపు చూడమన్నారు. కాలు లాగుతూనే ఉంది. ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. అది మళ్లీ నడవలేదు. నేను మొదటిరోజే సరిగ్గా చూసి ఉంటే దానికి ఒక అవకాశం దొరికేది.

కాలు లాక్కోవడానికి మెదడు అక్కర్లేదు. వేలి నుంచి వెళ్లిన కబురు నడుము దగ్గరి వెన్నుపాములోనే మలుపు తిరిగి కాలి కండరానికి వచ్చేస్తుంది. దెబ్బ తగిలింది దానికి పైన, ఈ చుట్టు దానికి కింద. అందుకే మెదడుతో సంబంధం పూర్తిగా తెగిపోయిన కుక్క కూడా కాలు లాక్కుంటుంది, ఒక్కోసారి మామూలుకన్నా చురుగ్గా లాక్కుంటుంది. నొప్పి తెలిసిందనడానికి రుజువు ముందుభాగంలో కనిపించాలి: తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి, కనీసం కంటిపాప పెద్దదవ్వాలి.

ఫోర్సెప్స్ తీసుకుని వెనక కాలి వేలిని ఎముక మీదుగా మెల్లగా నొక్కడం మొదలుపెట్టి, బలం పెంచుతూ పోయాను. ఒకటి, రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత బంటి మెడ తిప్పి నా చేతి వైపు పళ్లు చూపించాడు. రెండో కాలు కూడా అంతే. నాలుగో మెట్టు. ఈ పరీక్ష ఇంట్లో పట్టకారుతో చేయొద్దు. ఎముక నలుగుతుంది, ఆ ముఖాన్ని చదవడానికి అలవాటూ కావాలి. కాళ్లు తనంతట తాను కదుపుతున్న కుక్కకు ఈ పరీక్ష అసలు అవసరమే లేదు.

“హైదరాబాద్ ఇప్పుడే బయలుదేరండమ్మా,” అన్నాను. “రేపు పోతే నడవదా సార్?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలోని వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ నిపుణుల సంస్థ 2022లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. నాలుగో మెట్టులో ఆపరేషన్ చేసిన కుక్కల్లో నూటికి తొంభైకి పైగా మళ్లీ నడిచాయి. మందులు, విశ్రాంతితో ఉంచినవాటిలో సుమారు అరవై. ఐదో మెట్టుకు జారితే ఆపరేషన్ చేసినా అరవై దగ్గరే ఆగుతుంది, చేయకపోతే ఇరవై. అంటే నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్న గీతను కుక్క ఏ గంటలో దాటుతుందన్నదే అసలు ప్రశ్న. అది ఎవరూ ముందుగా చెప్పలేరు. శనివారం నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తున్న బంటి రేపటిదాకా ఇక్కడే ఆగుతాడని నేను పూచీ పడలేను.

నొప్పి పోయాక ఇన్ని గంటల్లోపు అయితేనే ఆపరేషన్ పనిచేస్తుందన్న లెక్క ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. అధ్యయనాలు దాన్ని ఏకగ్రీవంగా బలపరచలేదు. ఆలస్యంగా చేసినా లేచినవి ఉన్నాయి, వెంటనే చేసినా లేవనివి ఉన్నాయి. చిమ్మిన దెబ్బ ఎంత బలంగా తగిలిందన్నది గడియారం కన్నా ఎక్కువ నిర్ణయిస్తుంది. కాబట్టి ఐదో మెట్టులో రెండో రోజు వచ్చిన కుక్కకు దారి మూసేయకూడదు. నాలుగో మెట్టులో ఉన్నదాన్ని ఎదురుచూడమనీ చెప్పకూడదు.

ఒకటి రెండు మెట్ల సంగతి వేరు. అక్కడ తొందర అక్కర్లేదు. నొప్పి మందులు, కనీసం నాలుగు వారాలు బోనులో కట్టుదిట్టమైన విశ్రాంతి ఇస్తే నూటికి ఎనభై దాకా బాగుపడతాయి. విశ్రాంతి అంటే గదిలో తిరగనివ్వడం కాదు, మూత్రానికి తప్ప బయటకు రాకపోవడం. మందుతో నొప్పి తగ్గగానే కుక్క ఉత్సాహపడుతుంది, ఇంట్లోవాళ్లు వదిలేస్తారు, అది దూకుతుంది, మిగతా గుజ్జు కూడా చిమ్ముతుంది. మందులున్నా నొప్పి తగ్గకపోయినా, జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినా సర్జన్‌ను కలవాలి. మూడో మెట్టుకు దిగితే ఆ రోజే కలవాలి.

బంటికి శనివారం రాత్రి వేసిన మాత్ర ఏదని అడిగాను. మనుషులకు వాడే డైక్లోఫెనాక్. అది కుక్కల పొట్టలో పుండ్లు చేస్తుంది. దాని మీద స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా పడితే పేగు చిల్లుపడే ప్రమాదం ఉంది. ఈ జబ్బులో స్టెరాయిడ్ నడకను తిరిగి తెప్పిస్తుందన్నదానికి ఆధారమూ లేదు. కాబట్టి ఇవ్వలేదు. మాత్ర సంగతి సర్జన్‌కు చీటీలో రాశాను. వెన్ను వంగకుండా బంటిని బల్లచెక్క మీద పడుకోబెట్టి, తువ్వాళ్లతో కట్టి, కారు వెనక సీట్లో పెట్టాం. నూటయాభై కిలోమీటర్లు.

మధ్యాహ్నం ఎమ్మారై తీశారు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ వెన్నుపాము కనిపించదు. ఏ డిస్క్, ఏ పక్క అన్నది తెలియకుండా సర్జన్ కత్తి పెట్టలేడు. చివరి ఛాతీ పూసకూ మొదటి నడుము పూసకూ మధ్య, ఎడమవైపు. ఆ సాయంత్రమే ఎడమపక్క పూస గోడలో చిన్న కిటికీ తెరిచి, తడి సుద్దలాంటి ముద్దను తీసేశారు. పక్క డిస్కుల్లోనూ గుజ్జు గోకేశారు, అవి రేపు చిమ్మకుండా.

మర్నాడు వాళ్లు ఫోన్ చేస్తే నొప్పి తెలుస్తోందా అని మొదట అడిగాను. తెలుస్తోంది. నొప్పి తెలియని కుక్కల విషయంలో మాకు ఇంకో భయం ఉంటుంది. పదింట ఒకదానికి పైగా వాటిలో వెన్నుపాము దెబ్బతిన్నచోటు నుంచి కరిగిపోతూ రెండు వైపులా పాకుతుంది. నిన్నటిదాకా లాక్కున్న కాలు మెత్తబడి వేలాడుతుంది, మలద్వారం వదులవుతుంది, వీపు మీద గిల్లితే చర్మం అదిరే గీత రోజురోజుకూ ముందుకు జరుగుతుంది. అది ఊపిరి కండరాల దాకా వెళ్తుంది. దానికి మందు లేదు. ఆ గుర్తులు ఖాయమైతే బాధ పడకుండా సాగనంపమనే చెబుతాను.

బంటికి వారం రోజులపాటు మూత్రసంచిని ఆవిడే రోజుకు నాలుగుసార్లు చేత్తో నొక్కి ఖాళీ చేశారు. ఎలా పట్టుకోవాలో మా కాంపౌండర్ వీడియో కాల్‌లో చూపించాడు. ఆరో రోజు పిలిస్తే తోక కదిలింది. పన్నెండో రోజు తూలుతూ నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు. ఆరువారాలకు మా క్లినిక్ మెట్ల దగ్గరికి నడిచే వచ్చాడు. వెనకభాగం ఇప్పటికీ కొంచెం ఊగుతుంది. ఆవిడ మెట్లెక్కనివ్వకుండా ఎత్తుకున్నారు, ఈసారి ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి.