ట్రెజరీ బిల్లు గడువు తేదీ ఎలా తేలుతుంది?

91 రోజుల ట్రెజరీ బిల్లును చాలామంది మూడు నెలల బిల్లు అంటారు. గడువును మాత్రం నెలల్లో కాదు, రోజుల్లోనే లెక్కించాలి. భారత్‌లో రిజర్వ్ బ్యాంక్ ఈ బిల్లులను సాధారణంగా బుధవారం వేలం వేస్తుంది, గురువారం జారీ చేస్తుంది. 91 అంటే సరిగ్గా 13 వారాలు, 182 అంటే 26. అందుకే గడువు కూడా గురువారమే తీరుతుంది.

2025 జనవరి 2, గురువారం జారీ అయిన బిల్లునే చూద్దాం. జారీ రోజును వదిలి లెక్కిస్తే జనవరిలో 29, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, మొత్తం 88 రోజులు. మిగిలిన మూడూ కలిపితే ఏప్రిల్ 3. నెలల లెక్కన ఏప్రిల్ 2 అనుకుంటే ఒక రోజు తప్పినట్టే. వచ్చిన తేదీ గురువారం కాకపోవడమే అందుకు గుర్తు. 182 రోజులదైతే జూలై 3.

వడ్డీ విడిగా ఉండదు. తక్కువ ధరకు కొన్న బిల్లుకు ఆ రోజు పూర్తి ముఖవిలువ చేతికొస్తుంది. గడువు రోజు సెలవైతే ముందటి పనిదినానే చెల్లిస్తారు.