రెండు బిళ్లలు, నాలుగు గళ్లు: సికిల్ సెల్ పిల్లలకెలా వస్తుంది?

శ్రీశైలం చుట్టూ నల్లమలలో చెంచు గూడేలున్నాయి కదా. ఇలాంటి గిరిజన ప్రాంతాల కోసం 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఎందుకో ఈరోజు చూద్దాం.

ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. కారణం ఒకే ఒక్క జన్యువు. దానికి మనలో రెండు కాపీలుంటాయి: అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మామూలు కాపీ A, మారిన కాపీ S. SS అయితే జబ్బు. AS అయితే మామూలుగా జబ్బుండదు, కానీ S పిల్లలకి వెళ్లొచ్చు.

అమ్మానాన్నలిద్దరూ AS అనుకుందాం.

| | A | S |
|---|---|---|
| A | AA | AS |
| S | AS | SS |

నాలుగు గళ్లలో ఒకటి SS. ఇప్పుడు రెండు రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. బొమ్మ A, బొరుసు S. రెండూ కలిపి ఒకసారి ఎగరేస్తే ఒక బిడ్డ.

నాలుగుసార్లు ఎగరేయండి. SS సరిగ్గా ఒక్కసారే పడాలని లేదు. అసలు పడకపోయే అవకాశమే 256లో 81, అంటే దాదాపు మూడో వంతు! క్లాసంతా కలిసి 200 సార్లు వేస్తే మాత్రం 50కి దగ్గర్లో వస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. "పెద్దోడికి వచ్చింది, ఇంక మిగతా ముగ్గురికీ రాదులే" అనుకుంటారు. బిళ్లకి ఇందాక ఏం పడిందో గుర్తుండదండీ. ప్రతి బిడ్డకీ మళ్లీ అదే నాలుగో వంతు.

ఇప్పుడు ఒకరిని AA చేసి గళ్లు మళ్లీ నింపండి. SS గడే రాదు! అందుకే పెళ్లికి ముందే ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోమంటారు.