“ఒక మాట అడగనా?” అన్నప్పుడు ఏమనాలి?

“ఒక మాట అడగనా?” అన్నది ప్రశ్నలాగే ఉంటుంది కానీ, దానికి అవుననో కాదనో జవాబు వస్తుందని అడిగేవారు ఎదురుచూడరు. బస్సు ఎన్నింటికని అడిగేవారికి ఈ ముందుమాట అక్కర్లేదు, నేరుగా అడిగేస్తారు. అడగబోయేది ఎదుటివారిని ఇబ్బంది పెడుతుందేమో అనిపించినప్పుడు, తన గుట్టు బయటపడుతుందేమో అనిపించినప్పుడు, అసలు సంగతికి ముందు కాస్త కథ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఈ వాక్యం నోటికొస్తుంది. “ఏమనుకోనంటే ఒకటి అడుగుతాను”, “మీతో ఒక ముచ్చట అడగాలె” అన్నవీ ఇదే పని చేస్తాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సంభాషణల రికార్డింగులను మాట మాటా విడదీసి చదివిన సామాజిక శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ 1980లో ఈ వాక్యం మీదే ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన గమనించినది చిన్న విషయమే. “ఒకటి అడగనా” అన్న వెంటనే చాలాసార్లు ప్రశ్న రాదు. ముందు ఎవరి గురించో, ఏదో జరిగిన సంగతి గురించో నాలుగు ముక్కలు వస్తాయి, ఆ తరువాతే ప్రశ్న వస్తుంది. అంటే ఈ ముందుమాట అడిగే అనుమతితో ఆగదు. మధ్యలో చెప్పబోయే ఉపోద్ఘాతాన్ని కాస్త ఓపిగ్గా వినమని, అదే అసలు ప్రశ్న అనుకుని మధ్యలో అందుకోవద్దని కూడా కోరుతుంది. వినేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉపోద్ఘాతంలో కనబడిన మొదటి విషయాన్నే పట్టుకుని దాని మీద ఆరాలు మొదలుపెడతారు.

ఆరా తీసినట్టు అనిపించడానికి గొంతు కటువుగా ఉండనక్కర్లేదు. ప్రశ్న అడిగినవారు తరువాతి మాట దేని గురించి ఉండాలో నిర్ణయిస్తారు. “ఒక మాట అడగనా” అన్న మనిషి ఆ అధికారాన్ని ఒక్క క్షణం తనకు ఇమ్మని కోరుతున్నాడు. దానికి “ఏంటి? ఏమైంది? ఎవరికి?” అని మూడు ప్రశ్నలు వచ్చిపడితే అధికారం తిరిగి చేతులు మారుతుంది. అడగడానికి వచ్చినవాడు సమాధానాలు చెప్పుకునే స్థితిలో పడతాడు. ఎంత ప్రేమగా అడిగినా ఈ తారుమారు తప్పదు. కంగారుతో అడిగే తల్లి విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆమె “ఏమైందిరా!” అన్నదంటే కొడుకు అడగాలనుకున్నది మింగేసి “ఏం లేదులే” అంటాడు.

ఆప్యాయంగా కనిపించే జవాబుల్లోనూ కొన్ని ఇదే పని చేస్తాయి. “నా దగ్గర ఇంత మొహమాటమెందుకు?” అన్నది మంచి మాటే. కానీ అడిగేవారు దాచుకోవాలనుకున్న బెరుకును పేరు పెట్టి పిలిచి, దానికి సంజాయిషీ కోరినట్టవుతుంది. “డబ్బు తప్ప ఏదైనా అడుగు” అన్న పాత హాస్యం ఇంకా ప్రమాదం. నవ్వుతూ అన్నదే అయినా, వచ్చినవాడు వచ్చింది అప్పు కోసమే అయితే తలుపు మొహం మీద వేసినట్టే. ఇక “ఏదైనా సరే అడుగు, దాచకుండా చెబుతా” అనడం ఇవ్వలేని హామీ ఇవ్వడం. “అడుగు, తెలిస్తే చెబుతాను” అంటే ఇద్దరికీ చోటు మిగులుతుంది.

ఒక రకంగా ఆసుపత్రి గది దీనికి ప్రయోగశాల. హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 74 మంది రోగులు డాక్టరుతో జరిపిన సంభాషణలను రికార్డు చేసి 1984లో ఫలితం ప్రచురించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు ప్రశ్న మధ్యలోకి వచ్చింది. తాను అనుకున్నదంతా చెప్పి ముగించగలిగినవారు నాలుగోవంతు కంటే తక్కువ. డాక్టర్లు మంచివాళ్లు కాకపోవడం వల్ల ఇలా జరగలేదు. మొదట చెప్పిన బాధే అసలు బాధ అనుకుని దాని వెంట వెళ్లారు. గది దాటబోతూ తలుపు దగ్గర ఆగి “అన్నట్టు డాక్టరు గారూ” అనే రోగుల సంగతి వైద్యులందరికీ తెలిసిందే. లోపల చోటు దొరకని మాట అక్కడ బయటికొస్తుంది.

మన ఊళ్లలో ఇలాంటి మాటలు డాక్టరు దాకా వెళ్లకముందే ఆశా కార్యకర్త దగ్గర ఆగుతాయి. బిడ్డకు తొమ్మిదో నెలలో ఆమె ఇంటికి వచ్చి చూడడం, టీకా గుర్తుచేయడం ఆమె పనిలో భాగం. అలాంటి రోజున ఒక కోడలు ఆమెను వాకిలి దాకా సాగనంపడానికి వచ్చిందనుకుంటే, అత్తగారు వసారాలో ఉంది, కాబట్టి గొంతు తగ్గుతుంది.

“అక్కా, ఒక మాట అడగనా?”

“అడుగమ్మా.”

“మా వదినకి కూడా చంటిపిల్లే. ఇంకా పాలిస్తోంది.”

ఇది ఉపోద్ఘాతం. ఇక్కడ “ఏ ఊరు? పిల్లకెన్ని నెలలు? బయట చేరుతోందా?” అని వరుస కట్టి అడిగితే కోడలికి రెండే దారులు మిగులుతాయి. వదిన పేరు మీద అబద్ధాలు అల్లాలి, లేదా అసలు అడగకుండానే లోపలికి వెళ్లిపోవాలి. “ఊఁ” అంటే సరిపోతుంది. చేతిలో రిజిస్టరు ఉంటే మూసేయడం, ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడకుండా పక్కకు జరిగి చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు ఉండడం కూడా సాయపడతాయి. చూపు తప్పించడం ఇక్కడ నిర్లక్ష్యం కాదు.

“పాలిస్తుంటే కడుపు రాదంటారు కదక్కా. నిజమేనా?”

ఇప్పుడు “ఏమ్మా, నీకేనా?” అనాలని నాలుక దురద పెడుతుంది. బహుశా ఆమెకే. అది తేల్చకుండానే ఆమెకు కావలసినదంతా ఇవ్వడం సాధ్యం. ఎదుటివారి నుంచి రాబట్టాలనుకున్న ప్రతి వివరాన్నీ “ఇలా ఉంటే అది, అలా ఉంటే ఇది” అన్న మాటగా మార్చాలి. బిడ్డకెన్ని నెలలని అడిగే బదులు నెలలను బట్టి జవాబు ఎలా మారుతుందో చెప్పాలి. ఏ మాట తనకు తగులుతుందో వినేవారే లోలోపల చూసుకుంటారు.

“బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, పగలూ రాత్రీ తల్లిపాలే పడుతూ, ఇంకా ముట్టు రాకుండా ఉంటే చాలావరకు నిజమేనమ్మా. నూటికి ఇద్దరికి మించి రాదు. ఆరు నెలలు దాటి ఉగ్గు, అన్నం మొదలుపెట్టాక ఆ నమ్మకం లేదు. ముట్టు రాకముందే నిలిచేవాళ్లు కూడా ఉంటారు. ఎవరికి అనుమానమున్నా నా దగ్గర కిట్టు ఉంది. పొద్దున్నే మొదటి మూత్రంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. కలిసి మూడు వారాలు దాటాక చూసుకుంటే సరిగ్గా తెలుస్తుంది.”

ఈ జవాబులో ఒక్క ప్రశ్న కూడా లేదు. తొమ్మిది నెలల బిడ్డ తల్లికి తన పరిస్థితి ఏ వాక్యంలో ఉందో తెలిసిపోయింది. “అయితే ఒక కిట్టు ఇచ్చి వెళ్లక్కా, వదినకి ఇస్తాను” అంటే ఇవ్వడమే. ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా పంచే నిశ్చయ్ కిట్లు ఉన్నవే అందుకు. దాంతోపాటు “రెండు గీతలొస్తే అయిందని. ఒకటే వస్తే వారం ఆగి ఇంకోసారి చూసుకోమను. ఎవరు ఫోన్ చేసినా పర్లేదు” అనాలి. ఆ చివరి మాట వదినకీ పనికొస్తుంది, ఆడపడుచుకీ పనికొస్తుంది. మరుసటి వారం ఫోన్ వస్తే అప్పుడు కూడా “నాకు ముందే తెలుసు” అనకూడదు. అలా అంటే మొదటి రోజు ఆమె కప్పుకున్న ముసుగును ఇప్పుడు లాగినట్టవుతుంది.

అడిగి తీరాల్సిన సందర్భాలు లేకపోలేదు. అదే కోడలు “ఒక పక్కే పొత్తికడుపు నొప్పి, కాస్త రక్తం కనబడింది” అంటే “ఇలా ఉంటే, అలా ఉంటే” అంటూ కూర్చునే వేళ కాదు. గర్భం గర్భసంచిలో కాక నాళంలో నిలిస్తే అది ప్రాణం మీదకు వస్తుంది. అప్పుడు కూడా ఒక్కో ప్రశ్నే, కారణం ముందు చెప్పి అడగాలి. “కళ్లు తిరుగుతున్నాయంటే ఈ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, అందుకే అడుగుతున్నా. అలా ఏమైనా ఉందా?” కారణం తెలిస్తే ప్రశ్న ఆరాలా వినిపించదు. “ఎందుకు” అన్న మాటను మాత్రం పక్కన పెట్టడం మేలు. “ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నది సమాచారం కోసం అడిగినా తిట్టులాగే తగులుతుంది.

వినే తీరిక లేనప్పుడు సగం చెవితో వినడం కంటే వాయిదా వేయడమే మంచిది, కానీ ఎప్పుడో చెప్పి వాయిదా వేయాలి. “తరువాత చూద్దాం” అంటే మళ్లీ అనుమతి అడిగే భారం అడిగినవారి మీదే పడుతుంది. “అడుగుదువు గానీ, సాయంత్రం ఐదింటికి నేనే వస్తాను” అంటే ఆ భారం ఇటు మారుతుంది. అయిదింటికి వెళ్లకపోతే ఆ మనిషి రెండోసారి అడగడం అరుదు.

అనుమతితోపాటు మాట కూడా కోరేవారుంటారు. “ఎవరికీ చెప్పనంటేనే అడుగుతాను” అని బడిపిల్లలు తరచూ అంటారు. టీచరు వెంటనే ఒట్టు వేస్తే చిక్కు వస్తుంది. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ అంటుంది. తెలిసీ చెప్పకపోవడం శిక్షార్హం. కాబట్టి హద్దును ముందే చెప్పాలి: “క్లాసులో ఎవరికీ చెప్పను. కానీ నిన్నెవరైనా బాధపెడుతుంటే ఆపగలిగేవాళ్లకి చెప్పాల్సి వస్తుంది, అదీ ముందు నీకు చెప్పాకే.” కొందరు పిల్లలు ఆ మాట విని ఆ రోజుకు వెనక్కి తగ్గుతారు. తగ్గితే వెంటపడి రాబట్టకుండా, రేపు మళ్లీ ఎక్కడ దొరుకుతారో చెప్పి వదలాలి. తీసుకున్న ఒట్టును ఆ తరువాత తప్పితే మాత్రం ఆ పిల్ల మరే పెద్దమనిషినీ అడగదు.

వాట్సాప్‌లో “అన్నా, ఒకటి అడగొచ్చా?” అని వచ్చి ఆగిపోయే సందేశానిది వేరే తంటా. మొహం కనబడదు, “ఊఁ” అనే వీలుండదు. నీలం టిక్కులు పడ్డాక గడిచే ప్రతి నిమిషం అటువైపు అనుమానంగా మారుతుంది. “ఏంటి?” అన్న రెండక్షరాలు గొంతు లేకుండా విసుగులా కనబడతాయి. “అడుగు తమ్ముడూ. పెద్దదైతే వాయిస్ పెట్టినా సరే. ఇప్పుడు బండి మీదున్నా, తొమ్మిదింటికి చూసి చెప్తా” అంటే జవాబు ఎందుకు ఆలస్యమవుతుందో అతనికి తెలిసిపోతుంది. టైప్ చేసి చెరిపి మళ్లీ టైప్ చేసుకోవడానికి కావలసిన తీరికా దొరుకుతుంది.